రెండొందల లీటర్లు

రాత్రి ఎనిమిదీ ఇరవైకి పంపు గొంతు మారింది. అప్పటిదాకా బండి కింద నుంచి మెల్లగా గురగురమంటూ ఉన్నది ఒక్కసారి కీచుమంది. కుళాయిలోంచి రెండు చుక్కలు, కాస్త గాలి, మళ్ళీ ఒక చుక్క. నాకు ఏమయిందో అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అట్లు వేస్తున్న పిన్నికి మాత్రం ముందే తెలిసిపోయింది. తడిగుడ్డ పిండబోయి, కుళాయి వైపు చూసి, పొయ్యి సిమ్‌లో పెట్టేసింది.

బండి ముందు నలభై మంది ఉన్నారు. డబ్బులిచ్చి టోకెన్లు పట్టుకున్నవాళ్ళే పద్దెనిమిది మంది. నీళ్ళ కోసం సాయానికి ఉన్న కుర్రాణ్ణి గ్రౌండంతా తిప్పాను. నిర్వాహకులు చూపించిన కుళాయి మేము నిలబడ్డ చోటికి అరకిలోమీటరు అవతల, పార్కింగు దాటాక, తాళం వేసిన గేటు వెనక ఉంది. పక్క బండివాళ్ళని అడిగితే ఒక ఇరవై లీటర్ల క్యాన్ ఇచ్చారు. అది పావుగంట వచ్చింది. తొమ్మిదింటికి ముందే షట్టరు దించేశాం. టోకెన్ల డబ్బులు ఒక్కొక్కరికీ తిరిగి ఇస్తుంటే వెనక నుంచి ఒకావిడ, "నీళ్ళు తెచ్చుకోవడం కూడా రాదా వీళ్ళకి" అనడం వినబడింది. తప్పుగా ఏమీ అనలేదు.

ఆ రాత్రి బండిలో పిన్ని ఏమీ మాట్లాడలేదు. నానక్‌రామ్‌గూడ నుంచి మియాపూర్ దాకా ఖాళీ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఖాళీ చేతులు అని ఎందుకంటున్నానంటే, ఆ చేతులకి ఉండాల్సిన నాలుగు గాజులూ అప్పటికి మూడు నెలలుగా తాకట్టులో ఉన్నాయి.

*

ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి కల వెంట పరిగెత్తిన కథ కాదు. నేను వదలలేదు, వాళ్ళే తీసేశారు. నేను రాసింది ప్రకటనలకి మాటలు. పిన్ని కాకినాడలో ఇంటి ముందు పదహారేళ్ళు టిఫిన్లు అమ్మింది. బాబాయి పోయాక ఆ ఇల్లు వాటాల్లో పోయింది. మా అమ్మ ఫోన్ చేసి, "పిన్ని నీ దగ్గరికొస్తుంది, కొన్నాళ్ళు ఉంచుకో" అంది. ఇద్దరం ఒకే గదిలో, ఇద్దరికీ పనిలేకుండా రెండు నెలలు. మూడో నెలలో సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ కొన్నాం. వెనక బాడీ కట్టించడం, పెనం, పొయ్యిలు, చిన్న ఫ్రీజరు, ట్యాంకులు అన్నీ కలిపి ఆరు లక్షలయ్యింది. అందులో రెండు లక్షల ఇరవై వేలు పిన్ని గాజులు. మిగతాది నా పీఎఫ్, ఒక పర్సనల్ లోన్.

బండి మీద బోర్డు రాయించేటప్పుడు మెనూ పద్నాలుగు ఐటమ్స్. ఇడ్లీ, వడ, మూడు రకాల దోసెలు, పెసరట్టు, ఉప్మా, పూరీ, నూడుల్స్ రెండు రకాలు, పునుగులు, మిర్చి బజ్జీ, టీ, కాఫీ. నూడుల్స్ నా పట్టుదల, కుర్రాళ్ళు వస్తారని. ఇడ్లీ పిన్నిది. కాకినాడలో ఆమె పేరు ఇడ్లీతోనే తెలుసు అందరికీ.

ట్యాంకు రెండొందల లీటర్లు. పెట్టించేటప్పుడు అది చాలా పెద్దదనిపించింది. మా ఇద్దరం స్నానాలకీ వంటకీ కలిపి రోజుకి అంత వాడంగా, ఇడ్లీలు అమ్ముకోవడానికి సరిపోవా అనుకున్నాను.

*

మర్నాడు పొద్దున్న అపార్టుమెంటు వెనక బండి ఆపి, తెల్లటి ట్యాంకు పక్కన నిలువునా ఒక టేపు అంటించాం. ఇరవై లీటర్ల క్యాన్‌తో పోస్తూ, పోసినప్పుడల్లా మార్కర్‌తో గీత గీశాను. పది గీతలు. ఆ తర్వాత వచ్చిన రెండు చిన్న ఆర్డర్లలో ప్రతి పనికీ ముందూ వెనకా గీత చూసి రాసుకున్నాం. పిన్ని చూస్తుంది, నేను రాస్తాను. అలా ఆ మునిగిపోయిన రాత్రి లెక్క వెనక్కి కట్టాం.

నేను అనుమానించింది వంటని. తేలింది వేరు. మా వంటకి నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, కడగడానికి కావాలి. నూడుల్స్ కడాయి ఆర్డరు ఆర్డరుకీ కడగాలి, లేకపోతే అడుగున మాడిన సాసు తర్వాతి ప్లేటుకి చేదవుతుంది. ఒక్కో కడుగుడుకి లీటరున్నర. ముప్ఫై ప్లేట్లకి నలభై అయిదు లీటర్లు. ఇడ్లీ పాత్రలో పోసేవీ, వాయి వాయికీ ఆ గుంటల ప్లేట్లు తోమడానికీ కలిపి నలభై. టీ తక్కువే తాగింది, కానీ మీగడ కట్టిన గిన్నెలు కడగడానికి తిన్నది ఎక్కువ, మొత్తం పద్దెనిమిది. పెనం, గరిటెలు, మా చేతులు కలిపి ఇరవై.

మిగిలిన డెబ్భై ఏడు లీటర్లు ఎక్కడికి పోయాయో చాలాసేపు దొరకలేదు. బండి పక్కన కస్టమర్లు చేతులు కడుక్కోవడానికి నేనే ముచ్చటపడి పెట్టించిన కుళాయి అది. మామూలు తిప్పే కుళాయి. మనిషి చెయ్యి కింద పెట్టి, తిప్పి, రుద్దుకుని, పక్కవాళ్ళతో రెండు మాటలాడి, కట్టేసేలోపు అర లీటరు పోతుంది. నూట యాభై మంది. మా నీళ్ళలో మూడో వంతుకి పైగా ఎవరి కడుపులోకీ వెళ్ళలేదు, ఏ గిన్నె మీదా పడలేదు.

ఆ కుళాయి తీసేసి, నొక్కితేనే నీళ్ళొచ్చే స్ప్రింగు కుళాయి ఉన్న ఇరవై లీటర్ల క్యాన్‌ని ఒక స్టాండు మీద విడిగా పెట్టాం. పక్కన కాగితపు నాప్‌కిన్లు. ఇప్పుడు నూట యాభై మందికి ఆ క్యాన్ ఒక్కటి సరిపోతుంది. మా చేతుల కుళాయి మాత్రం ముట్టుకోలేదు. డబ్బు పట్టుకున్న చెయ్యి, పచ్చి ఉల్లిపాయ పట్టుకున్న చెయ్యి, చెమట తుడుచుకున్న చెయ్యి, వీటి దగ్గర పొదుపు చేస్తే జబ్బులు అమ్ముకున్నట్టే.

ఇంకో పెద్ద ట్యాంకు పెట్టించొచ్చుగా అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకుని, ఒకరోజు అన్నీ నింపి బండిని ధర్మకాటా ఎక్కించాను. టాటా ఏస్ మోసేది ముప్పావు టన్ను. బాడీ, పెనం, పొయ్యిలు, రెండు కమర్షియల్ సిలిండర్లు, బ్యాటరీ, జనరేటరు, ఫ్రీజరు, సరుకులు, రెండొందల లీటర్ల నీళ్ళు. చీటీలో అరవై కిలోలు ఎక్కువ చూపించింది. నీళ్ళ దగ్గర మోసం లేదు, లీటరంటే కిలో. ఫ్లైఓవరు దిగేటప్పుడు బ్రేకు నొక్కితే బండి ఎందుకంత ఆలస్యంగా ఆగుతోందో అప్పుడర్థమయ్యింది. ట్యాంకు పెంచడం కాదు, ఏడో గీత దాటి నింపకూడదు. అంటే నూట నలభై లీటర్లు.

వాడిన నీళ్ళది ఇంకో కథ. అవి కూడా ఎక్కడో ఉండాలి కదా. మొదట్లో సింకు కింద ఒక బకెట్టు పెట్టి, నిండగానే పక్కనున్న చెట్టు మొదట్లో పోసేవాళ్ళం. ఒక చోట ఆ నూనె నీళ్ళు పచ్చిక మీదుగా పారి, పక్క స్టాలు వాళ్ళ కార్పెట్టు కిందకి చేరాయి. చివాట్లు తిన్నాక, మంచినీళ్ళ ట్యాంకు కన్నా కాస్త పెద్దదే వాడిన నీళ్ళకి కూడా కట్టించాం. పెద్దది ఎందుకంటే అందులోకి మన నీళ్ళతో పాటు పిండి, నురగ, కరిగిన ఐసు కూడా వచ్చి పడతాయి. దానివల్ల బరువు రెండింతలవదు, ఒక ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ రెండోది నిండుతుంది. సాయంత్రానికి పైనున్న నీళ్ళన్నీ కిందకి చేరతాయి, అంతే. ఇంటికొచ్చి డ్రైనేజీలో వదిలితే ఆ రోజు పని అయినట్టు.

*

నూట నలభై లీటర్లని కాగితం పైన రాసి, దాని కింద పద్నాలుగు ఐటమ్స్ రాసి, ఒక్కోటీ కొట్టేయడం మొదలుపెట్టాను. నూడుల్స్ నేనే కొట్టేశాను, మాట్లాడకుండా. పూరీ పోయింది. టీ, కాఫీ పోయాయి. దోసెలు పోయాయి, ఎందుకంటే దోసె పిండి పులవాలి, చలికాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా పులుస్తుంది. ఏ రోజు ఎంత అమ్ముడవుతుందో తెలియని బండికి అది నిలకడలేని పిండి. ఇడ్లీ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

"అది కూడా కొట్టెయ్యి" అంది పిన్ని, కాగితం వైపు చూడకుండానే.

"ఆలోచిద్దాం పిన్నీ."

"ఆలోచించేదేముందే? నలభై లీటర్లు తాగుతోందని నువ్వే రాశావు. కొట్టెయ్యి." ఒక నిమిషం ఆగి, "వచ్చినవాళ్ళకి లేదు అని చెప్పడం నావల్ల కాదు. నువ్వే చెప్పుకో" అంది.

రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. మూడో రోజు తనే వచ్చి, "సరే, ఒక్క పిండి మీద బతకాలంటే పెసలే" అంది. మిగతాదంతా ఆమె చెప్పిందే.

పెసలకి పులియడంతో పనిలేదు. రాత్రి పదకొండుకి నానబోస్తే నాలుగింటికి రుబ్బుకోవచ్చు. కిలో పెసలకి పద్దెనిమిది, ఇరవై అట్లు వస్తాయి. అదే పిండిని నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బితే పునుగులు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిపాయ అన్నిటికీ అవే. ఉప్మా పొద్దున్నే వండి హాట్‌కేసులో పెడితే, అట్టు మధ్యలో ఒక గరిటె పెట్టి మడవడమే. దాన్నే ఇక్కడ ఎమ్మెల్యే పెసరట్టు అని అడుగుతారు. కొబ్బరి చట్నీ తీసేశాం, ఎండలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది అదే. అల్లం పచ్చడిలో చింతపండూ బెల్లమూ ఉంటాయి కాబట్టి అది రోజంతా నిలుస్తుంది. పైగా పెసరట్టుకి జోడీ అదే కదా, ఎవరూ కొబ్బరి చట్నీ ఏదని అడగలేదు. ప్లేట్లు వక్క మట్టవి, తోమే పనిలేదు. చివరికి బోర్డు మీద నాలుగు మిగిలాయి: పెసరట్టు, ఉప్మా పెసరట్టు, పెసర పునుగులు, మజ్జిగ.

పులియబెట్టకపోయినా ఎండకి పెసర పిండి దానంతటదే పులుస్తుంది. పైన సన్న బుడగలు, ముక్కుకి తగిలే పుల్లటి వాసన. అలా అయితే అట్టు పెనం మీద సరిగా పరుచుకోదు, రంగు కూడా ఆకుపచ్చ పోయి మట్టిగా మారుతుంది. అందుకని పిండి మొత్తం ఒక పాత్రలో ఉండదు. అయిదేసి లీటర్ల స్టీలు క్యాన్లలో ఫ్రీజరు అడుగున ఉంటుంది, ఒక్కో క్యాన్ మాత్రమే బయటికి వస్తుంది, ఉప్పు అప్పుడే పడుతుంది. వేడిది అరవై డిగ్రీల పైన ఉండాలి, చల్లనిది అయిదు లోపు ఉండాలి, మధ్యలో ఎక్కువసేపు ఏదీ ఉండకూడదు. పిన్ని దీన్ని డిగ్రీల్లో చెప్పదు. "కాలాలి, లేకపోతే వణకాలి" అంటుంది.

*

మెనూ తగ్గాక కరెంటు సంగతి దానంతటదే తేలింది.

అంతకు ముందు మా దగ్గర రెండు కేవీఏ జనరేటరు ఉండేది. డబ్బా మీద రెండు అని ఉన్నా, ఆగకుండా ఇచ్చేది పదహారొందల వాట్లు. టీ కోసం పెట్టిన కెటిల్ ఒక్కటే పదిహేనొందలు. మిక్సీ ఏడొందల యాభై. చట్నీ అయిపోయి మిక్సీ వేసిన క్షణంలో ఎవరైనా కెటిల్ నొక్కారంటే బండంతా చీకటి. ఒకసారి స్టాల్‌తో పాటు కరెంటు కూడా ఇస్తామన్నారని జనరేటరు తీసుకెళ్ళలేదు. తీరా చూస్తే నాలుగు స్టాళ్ళకి కలిపి ఒక్కటే లైను, ఒక్కటే ఎంసీబీ. మా కెటిల్‌కి నాలుగు స్టాళ్ళూ ఆరిపోయాయి. ఐస్‌క్రీమ్ అమ్ముకునే అబ్బాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు వేడి చేసేదేదైనా గ్యాసు మీదే. రుబ్బేదంతా ఇంట్లోనే, తెల్లవారుజామున. బండిలో కరెంటుతో నడిచేవి ఫ్రీజరు, లైట్లు, పొగ లాగే ఫ్యాను, నీళ్ళ పంపు. అన్నీ కలిపి సగటున నూట యాభై వాట్లు దాటవు. ఇళ్ళల్లో ఇన్వర్టరుకి వాడే నూట యాభై ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంది మాకు. దాన్ని పూర్తిగా పిండేస్తే తొందరగా చచ్చిపోతుంది కాబట్టి సగం, సగానికి కాస్త పైన మాత్రమే వాడతాం. అలా వాడినా ఆరు గంటలు వస్తుంది. అదే కెటిల్‌ని దానికి తగిలిస్తే ముప్పావుగంటకి ఖాళీ. జనరేటరు ఇంట్లోనే ఉండిపోయింది. ఇరవై రెండు కిలోలు తగ్గాయి, పెట్రోలు ఖర్చు తగ్గింది. ఆ రొద లేకపోయేసరికి కస్టమర్లు "ఉల్లిపాయ వద్దు" అన్న మాట మొదటిసారికే వినబడుతోంది.

*

అన్నీ సర్దుకున్నాం అనుకుని మళ్ళీ ఒక పెద్ద ఈవెంటుకి వెళ్ళాం. సాయంత్రం అయిదు నుంచి పది వరకు. అద్దె పన్నెండు వేలు. అయిదు వేల మంది వస్తారన్నారు, నిజంగానే వచ్చారు. ఏడున్నర నుంచి పది దాకా మా ముందు లైను తెగలేదు. నీళ్ళు అయిపోలేదు, కరెంటు పోలేదు, పిండి పులవలేదు. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే రెండున్నర వేల దాకా చేతినుంచి పడింది.

మూడుసార్లు కూడాను. అదే వచ్చింది.

ఉప్మా పెసరట్టు తొంభై రూపాయలు. పెసలు, నూనె, అల్లం, ఉల్లి, ఉప్మా, పచ్చడి, గ్యాసు, ప్లేటు అన్నీ కలిపి ఖర్చు ముప్ఫై అయిదు. మిగిలేది యాభై అయిదు. ఆ రోజు అద్దె పన్నెండు వేలు, సాయానికి వచ్చిన ఇద్దరికీ పదహారొందలు, బండి పెట్రోలూ చిల్లర ఖర్చులూ ఏడొందలు. మొత్తం పద్నాలుగు వేల మూడొందలు. దాన్ని యాభై అయిదుతో భాగిస్తే 260. అన్ని అట్లు అమ్మితే గాని సున్నాకి రాం. మేము వేసింది 190. పునుగులూ మజ్జిగా కలిపి ఇంకో పదమూడొందలు మిగిల్చాయి, లేకపోతే ఇంకా కిందకి పోయేవాళ్ళం.

మరి 260 ఎందుకు వెయ్యలేదు? జనం ఉన్నారు, పిండి ఉంది. నేను పెనం వైపు చూశాను, అప్పుడు తట్టింది. మా పెనం మీద ఒకసారికి ఆరు పెసరట్లు పడతాయి. పరిచి, ఉల్లిపాయలు చల్లి, నూనె వేసి, కాల్చి, ఉప్మా పెట్టి మడిచి, పెనం తుడిచి మళ్ళీ వెయ్యడానికి అయిదారు నిమిషాలు. గంటకి అరవై. ఎంత తొందరపడినా అరవై అయిదు. సాయంత్రం ఈవెంటులో జనం అయిదింటికే వచ్చినా, తినేది ప్రోగ్రామ్ మధ్యలో, రెండున్నర గంటలు మాత్రమే. ఆ సమయంలో నూట యాభై, దానికి ముందు విడివిడిగా నలభై. అయిదు వేల మంది కాదు, యాభై వేల మంది వచ్చినా మా పెనం 190 దగ్గరే ఆగుతుంది. ఆ అద్దె ఒప్పుకున్న రోజునే నష్టం ఖాయమైపోయింది, మేము పెనం వెలిగించక ముందే.

పిన్నికి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"పెళ్ళిలో వెయ్యి మందికి పెట్టచ్చు. ముందే వండి ఉంచుతాం కాబట్టి. అట్టు ముందే వెయ్యలేం కదే. అందరూ ఒకేసారి ఆకలిగొనే చోటికి అట్టు పట్టుకెళ్తే ఎలా? మెల్లమెల్లగా లేచి, మెల్లమెల్లగా వచ్చే చోటు చూడు."

ఆ చోట్లలో పులిహోర అమ్మేవాళ్ళూ, బిర్యానీ డబ్బాలు కట్టి తెచ్చేవాళ్ళూ బాగుపడతారు. చెయ్యి చాచి డబ్బా ఇవ్వడమే కాబట్టి గంటకి రెండొందలు ఇవ్వగలరు. పన్నెండు వేల అద్దె వాళ్ళకి సరసమే. ఒక స్థలం మంచిదా కాదా అనేది ఆ స్థలంలో లేదు. మన పెనం గంటకి ఎన్ని ఇస్తుంది, అక్కడి జనం ఎన్ని గంటలు తింటారు, ఈ రెండూ కలిస్తేనే తెలుస్తుంది.

*

మెల్లమెల్లగా లేచే చోటు ఆదివారం పొద్దున్న అపార్టుమెంటు. నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు నాలుగైదొందల ఫ్లాట్లున్న గేటెడ్ కమ్యూనిటీలు వరసగా ఉన్నాయి. ఏడింటికి వాకింగ్ నుంచి వచ్చే పెద్దవాళ్ళు, ఎనిమిదింటికి పిల్లల క్రికెట్ కోచింగ్, తొమ్మిదింటికి ఆలస్యంగా లేచినవాళ్ళు, పదిన్నరకి ఇంకా ఆలస్యంగా లేచిన జంటలు. నాలుగు గంటలు ఒక సన్నటి ధారలా వస్తారు.

ఏ కమ్యూనిటీకి వెళ్ళాలో తెలుసుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. ముందు ఆదివారం పొద్దున్న ఏడున్నర నుంచి పది దాకా గేటు ఎదురుగా, రోడ్డు అవతల కూర్చుని, లోపలికి వెళ్ళే ఫుడ్ డెలివరీ బైకులు లెక్కపెడతాను. ఒక చోట రెండున్నర గంటల్లో అరవై రెండు వెళ్ళాయి. ఆ అరవై రెండు ఇళ్ళూ అప్పటికే బయటి టిఫినుకి డబ్బు పెట్టాయి, డెలివరీ చార్జీ కూడా కట్టాయి, చల్లారిన దోసె తిన్నాయి. ఇంకో చోట ఫ్లాట్లు దానికి రెట్టింపు ఉన్నాయి గానీ బైకులు పదకొండే. అక్కడికి వెళ్ళలేదు.

అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎంతమంది వస్తారని ఇప్పుడు నేను అడగను. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఆ రోజు ఇంకెన్ని బండ్లు వస్తున్నాయి, అందులో టిఫిన్ ఎన్ని, నీళ్ళ కుళాయి బండి నిలిపే చోటికి ఎంత దూరం, వాడిన నీళ్ళు ఎక్కడైనా వదలనిస్తారా, కరెంటు పాయింటు మాకు విడిగానా లేక పంచుకోవాలా. కుళాయి దూరం అడుగుల్లో చెప్పమంటాను. "దగ్గరేనండీ" అన్నవాళ్ళ దగ్గరికి ముందురోజు వెళ్ళి నడిచి చూసుకుంటాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కాగితం ముందే పంపుతాను, వాళ్ళు అడిగేదాకా ఆగను.

అరవై రెండు బైకులు వెళ్ళిన చోట మొదటి ఆదివారం అద్దె పదిహేనొందలు, మిగతా ఖర్చులు మామూలే, ఇరవై మూడొందలు. మొత్తం మూడువేల ఎనిమిదొందలు. డెబ్భై అట్లకి గట్టెక్కుతాం. అమ్మింది 145. నాలుగు వేల పైన మిగిలింది. ఈవెంటు కన్నా నలభై అయిదు అట్లు తక్కువే వేశాం. లైను ఎప్పుడూ ఎనిమిది మందిని దాటలేదు. దూరం నుంచి ఎవరైనా చూస్తే పాపం బేరం లేదు అనుకునేవాళ్ళు. ఇంటికొచ్చి టేపు చూస్తే ట్యాంకులో రెండో గీత పైన నీళ్ళున్నాయి.

అన్నీ ఇలాగే జరగవు. వానాకాలంలో మూడు ఆదివారాలు పోయాయి. ఒక కమ్యూనిటీలో రెండు నెలలు బాగా నడిచాక, లోపలే ఎవరో టిఫిన్ సెంటర్ తెరిచారు, మమ్మల్ని రావద్దన్నారు. నా పర్సనల్ లోన్ ఇంకా పందొమ్మిది నెలలుంది. పెద్ద ఈవెంట్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి, ప్రతిసారీ ఒక క్షణం ఆశ పుడుతుంది. అప్పుడు అద్దెని యాభై అయిదుతో భాగిస్తాను.

*

మొన్న గాజుల్లో రెండు విడిపించాం. పిన్ని వాటిని బీరువాలో పెట్టేసింది. "పెనం దగ్గర వేసుకుంటే కాలతాయే" అంది. నాలుగూ వచ్చాకే వేసుకుంటుందని నాకు తెలుసు.

సోమవారం బండికి సెలవు. ఆ రోజు ఇంట్లో ఇడ్లీ. ఇద్దరికి ఎనిమిది చాలు, పిన్ని మూడు వాయిలు వేస్తుంది, పక్క ఫ్లాటుకీ వాచ్‌మన్ వాళ్ళింటికీ పంపుతుంది. తర్వాత ఆ గుంటల ప్లేట్లు సింకులో పెట్టి, కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళు పోతూ ఉండగా తీరిగ్గా తోముతుంది. మొదట్లో ఆ చప్పుడుకి నా చెయ్యి కుళాయి కట్టెయ్యడానికి వెళ్ళిపోయేది. ఒకసారి ఆమె నా చెయ్యి పక్కకి తోసేసింది. ఇప్పుడు గదిలో కూర్చుని వింటాను.